కోసిన చోటు చూడండి: ఆకుకూర, బెండ, వంకాయ, సొర, బీర ఎంచుకునే పద్ధతి

ఆకుకూర మీద గుప్పెడు నీళ్లు చల్లితే వాడిన కట్ట కూడా మళ్లీ తలెత్తుకుంటుంది. వంకాయను తడిగుడ్డతో తుడిస్తే నిగనిగలాడుతుంది. బెండకాయల్లో నల్లబడ్డవి అడుక్కి నెట్టి పచ్చగా ఉన్నవి పైన పేరిస్తే కుప్ప మొత్తం లేతగా కనిపిస్తుంది. దీన్నంతా మోసం అనలేం. పొద్దున్నుంచి ఎండలో కూర్చుని అమ్ముకునే మనిషి సరుకు కళ తప్పకుండా చూసుకోక తప్పదు. కాకపోతే కొనేవాళ్లు పైమెరుపును నమ్మకూడదు.

నేను ముందు చూసేది ఆకునో కాయనో కాదు, అది మొక్క నుంచి తెగిన చోటు. ఆకుకూరకైతే వేరు లేదా కాడ కొస, బెండకు తొడిమ, వంకాయకు ముచ్చిక, సొర బీరలకు తీగ ముక్క. మొక్క నుంచి తెగిన క్షణం నుంచి ఆరిపోవడం మొదలయ్యేది అక్కడే. తడిగుడ్డతో కాయ మెరుపు తిరిగి వస్తుంది గానీ ఎండి గోధుమరంగుకు తిరిగిన తొడిమ మళ్లీ పచ్చబడదు. కొందరు ఆ కొసను మళ్లీ కోసి కొత్తగా చూపిస్తారు. దాన్ని ఎలా పట్టుకోవాలో ఆకుకూరల దగ్గర చెబుతాను.

మొదట: పాతదా, ముదురుదా, పుచ్చుదా?

చాలామంది ఈ మూడింటినీ కలిపేసి "బాగాలేదు" అనేస్తారు. అందుకే ఒకే పరీక్షను అన్నింటికీ వాడి దెబ్బతింటారు. పాతది అంటే కోసి రోజులైంది, నీరు ఆరిపోయింది. ముదురుది అంటే కోయడమే ఆలస్యంగా కోశారు. అది ఈ ఉదయమే చేను నుంచి వచ్చినా పీచుగానే ఉంటుంది. పుచ్చుది అంటే లోపల పురుగు తిన్నది. అది లేతదీ కావచ్చు, తాజాదీ కావచ్చు.

బెండకాయ ముక్కు విరిచి చూసేది ముదురుతనం కోసం. ముచ్చిక చూసేది పాతదనం కోసం. వంకాయ మీద బెజ్జం వెతికేది పుచ్చు కోసం. ఏ పరీక్ష దేనికో తెలిస్తే బజారులో సగం గందరగోళం పోతుంది.

ఎప్పుడు వెళ్లాలి, ఏం అడగాలి

రైతుబజార్లు 1999 జనవరి 26న మొదలైనప్పటి నుంచీ వాటిలో ధరల పట్టిక రాసిపెట్టడం ఆనవాయితీ. లోపలికి వెళ్లగానే ఒకసారి అది చూసి, వెంటనే కొనకుండా ఒక చుట్టు తిరగండి. ఒకే కూర నాలుగు దుకాణాల్లో చూస్తే ఆ రోజు వచ్చిన సరుకు స్థాయి ఏమిటో కంటికి తెలిసిపోతుంది. మొదటి కుప్పకే లొంగిపోయేవాళ్లకు పోల్చుకోవడానికి ఏమీ ఉండదు.

హైదరాబాద్‌కు ఆకుకూరలు ఎక్కువగా శంకర్‌పల్లి, చేవెళ్ల, మొయినాబాద్ వైపు ఊళ్ల నుంచి వస్తాయి. ఆ పొలాల్లో సాయంత్రమో తెల్లవారుజామునో పీకి, కట్టలు కట్టి, గోనెల్లో వేసి బండి ఎక్కిస్తారు. అందుకే ఆకుకూరకు పొద్దున్నే వెళ్లడం మేలు. కాయలకు అంత తొందరేమీ లేదు. మధ్యాహ్నం కొన్న మంచి వంకాయకు, పొద్దున కొన్న మంచి వంకాయకు తేడా ఉండదు. రాత్రి దుకాణం ఎత్తేసే వేళ కట్టలు చవగ్గా ఇచ్చేస్తారు. ఆ రాత్రికే వండేటట్టయితే అది మంచి బేరమే. ఫ్రిజ్‌లో పెట్టుకుందామని మాత్రం తేకండి.

"తాజాదేనా?" అని అడగకండి. ఆ ప్రశ్నకు ఎక్కడైనా ఒకటే జవాబు. "అక్కా, ఏ ఊరి నుంచి వచ్చింది?" అని అడగండి. సొంతంగా పండించి తెచ్చినామె "మాదే అమ్మా, ఇయ్యాల పొద్దుగాల పీకినం" అని ఊరి పేరుతో సహా చెబుతుంది. మార్కెట్లో కొని తెచ్చినవాళ్లు "మార్కెట్‌ది" అంటారు. అదేమీ తప్పు కాదు. కాకపోతే ఆ సరుకు మధ్యలో ఒక రాత్రి ఎక్కడో ఆగి వచ్చిందన్నమాట. అప్పుడు కోసిన చోటును ఇంకాస్త శ్రద్ధగా చూడాలి.

ఆకుకూరలు: కట్టను తలకిందులుగా పట్టుకోండి

కట్ట చేతికి రాగానే ఆకులు చూడకుండా తిప్పి వేళ్ల వైపు చూడండి. పాలకూర, మెంతికూర, కొత్తిమీర, చిన్న తోటకూర వేళ్లతో సహా వస్తాయి. తాజా వేరు తెల్లగానో లేత గులాబీగానో ఉండి, గోరుతో గీకితే తడి తగులుతుంది. అంటుకున్న మట్టి ఇంకా చెమ్మగా ఉంటే మరీ మంచిది. పాతబడిన వేరు సన్నబడి, గోధుమరంగుకు తిరిగి, పీచు పీచుగా ఉంటుంది. గోంగూర, పెద్ద తోటకూర, బచ్చలి లాంటివి కాడ కోసి తెస్తారు. వాటి కొస లేత పచ్చగా, తడిగా ఉండాలి. ఎండి ముడుచుకున్నా, మధ్యలో బోలుగా నల్లబడినా అది నిన్నటిదో మొన్నటిదో.

ఇక మళ్లీ కోసిన కొసల సంగతి. పాలకూర కట్టకు ఒక్క వేరూ లేకుండా, అన్ని కాడలూ ఒకే వరసలో ఒకే కత్తివేటుకు తెగినట్టు ఉంటే అనుమానించండి. చుట్టుపక్కల దుకాణాల్లో అదే కూర వేళ్లతో అమ్ముతున్నప్పుడు ఈ ఒక్క చోట నున్నగా కోసి ఎందుకు పెట్టారు? కుళ్లిన కొస తీసేసి ఉండవచ్చు. అప్పుడు కింది నుంచి ఒక కాడ విరిచి చూడండి. తాజా కాడ టప్పున విరిగి, విరిగినచోట నీరు కనిపిస్తుంది. పాతది వంగుతుంది, విరిచినా పీచు సాగుతుంది.

తరువాత కట్ట మధ్యలోకి వేలు పోనివ్వండి. ఆకుకూర కుళ్లడం మొదలయ్యేది కట్టిన చోట, లోపలి నుంచి. కోసిన తర్వాత కూడా ఆకు ఊపిరి పీలుస్తూనే ఉంటుంది, వేడి పుట్టిస్తూనే ఉంటుంది. బిగించి కట్టి, తడి గోనెలో ఒత్తి పెడితే ఆ వేడి, తడి రెండూ మధ్యలోనే చిక్కుకుపోతాయి. పై ఆకులు పచ్చగా ఉండగానే లోపలివి పసుపెక్కి జిగురుగా మారతాయి. వేలికి జారుడుగా తగిలినా, ముక్కు దగ్గర పెట్టుకుంటే పుల్లటి మాగుడు వాసన వచ్చినా ఆ కట్ట వద్దు. కడిగితే పోతుందని సర్దుకోకండి. ఆ జిగురు పక్క ఆకులకు పాకడానికి ఒక్క రాత్రి చాలు.

వాడిన ఆకుకు, పసుపెక్కిన ఆకుకు తేడా తెలుసుకోవాలి. వాడిపోవడం నీటి కొరత. ఇంటికి తెచ్చి పావుగంట చల్లటి నీళ్లలో కాడలు మునిగేలా పెడితే మళ్లీ నిలబడుతుంది. ఎండాకాలం మధ్యాహ్నం వేళ ఎంత తాజా కట్టయినా కాస్త వాడుతుంది, దాన్ని వద్దనక్కర్లేదు. పసుపెక్కడమంటే ఆకులోని పచ్చదనమే విరిగిపోవడం. దాన్ని ఏ నీళ్లూ వెనక్కి తేలేవు. నా మట్టుకు నేను బాగా తడిసి మెరుస్తూ, మధ్యలో పసుపు తొంగిచూసే కట్ట కన్నా, పొడిగా కొంచెం వాడి, వేరు తెల్లగా ఉన్న కట్టనే కొంటాను.

నీళ్ల విషయంలో ఇంకో మాట. కట్టల లెక్కన కొంటే తడికి మనం డబ్బు కట్టం. బరువు లెక్కన అమ్మే సూపర్‌మార్కెట్లో కడతాం. అక్కడ కట్టను ఒకసారి గట్టిగా విదిలించి కాటా మీద పెట్టండి.

ఆకుల్లో చిన్న చిన్న బెజ్జాలు పాతదనానికి గుర్తు కావు. ఏదో పురుగు కొరికిందంతే, గోంగూరలోనూ తోటకూరలోనూ ఇది మామూలే. పాలకూర మీద తెల్లటి వంకర గీతలు కనిపిస్తే ఆకు పొరల మధ్య పురుగు తిరిగిందని అర్థం. రైతులు దాన్ని పాముపొడ అంటారు. ఒకటి రెండు ఆకులైతే తీసేయవచ్చు, కట్టంతా అలాగే ఉంటే వదిలేయండి. వానాకాలంలో తోటకూర ఆకును వెనక్కి తిప్పి చూడండి. పైన మామూలుగానే కనిపించినా వెనక తెల్లటి బొబ్బలు లేచి ఉంటే అది తెగులు సోకిన ఆకు.

ముదురుతనం ఒక్కో కూరలో ఒక్కోలా బయటపడుతుంది. తోటకూర కొసన గింజ వెన్ను వచ్చిందంటే కాడ పీచు. కొత్తిమీరలో పైకి పోయేకొద్దీ ఆకు సన్నగా చీలికలుగా మారుతుంటే అది పూతకు వస్తోంది, పచ్చడికి వాసన చాలదు. పాలకూర మధ్యలో పొడవాటి కాడ లేస్తే అదీ అంతే. గోంగూరలో ఎర్ర కాడది పులుపెక్కువ, తెల్ల కాడది తక్కువ. అది రకాల తేడా, తాజాదనంతో సంబంధం లేదు. పచ్చడికి ఎర్రదే కావాలనేవాళ్లు కాడ రంగు చూసుకుంటే చాలు. తెలంగాణలో పుంటికూర అని అడగండి.

ఇవన్నీ తాజాదనం గురించే. మురుగునీటితో పెరిగిన కూర కూడా కళకళలాడుతూ ఉంటుంది. మూసీ వెంబడి అలా పండే కూరలూ నగరానికి వస్తాయి. కంటితో దాన్ని పట్టలేం కాబట్టి ఏ ఊరిదని అడగడం ఇక్కడ కూడా పనికొస్తుంది, ఎంత తాజాదైనా రెండు మూడు నీళ్లలో కడగడం తప్పదు.

బెండకాయ: ముక్కు విరవడం చివరి పని

బెండ పువ్వు పూసిన అయిదారు రోజులకే కాయ కోతకు వస్తుంది. అందుకే రైతు రోజు విడిచి రోజు కోయాలి. పండగో వానో వచ్చి ఒక్క కోత తప్పితే ఆ కాయలన్నీ ముదిరిపోతాయి. వరసగా వానలు పడ్డాక బజారులో పెద్ద పెద్ద బెండకాయలు కుప్పలుగా కనిపించేది అందుకే. అవి తాజావే, కానీ పీచు.

అందుకని బెండలో మొదట సైజు చూడండి. నాటు రకాల్లో కొన్ని పొడవుగా ఉండీ లేతగా ఉంటాయి గానీ, మామూలుగా దొరికే హైబ్రిడ్ కాయలైతే చిటికెన వేలు పొడవు నుంచి మధ్యవేలు పొడవు దాకా ఉన్నవి ఏరుకోండి. లావు కూడా ఒక గుర్తే. కాయ పొట్ట దగ్గర గింజలు ఉబ్బి బయటకు తెలుస్తుంటే అది ముదురు. తొడిమ కొస లేత పచ్చగా ఉందో లేదో ఆ వెంటనే చూడండి. పాతదైతే అక్కడ నల్లబడి ముడుచుకుంటుంది. కాయ గట్ల వెంబడి గోధుమరంగు గీతలు పడతాయి. లేత బెండ మీద ఉండే సన్నని నూగు వేలికి తెలుస్తుంది, పాతదాని మీద అది రాలిపోయి కాయ తోలులా మెత్తబడుతుంది.

ముక్కు విరిచే పరీక్ష అందరికీ తెలిసిందే. టక్కున విరిగితే లేత, వంగితే ముదురు అంటారు. ఇందులో ఒక చిక్కుంది. లేత కాయే రెండు రోజులు వాడితే దాని ముక్కు కూడా వంగుతుంది, విరగదు. అంటే విరిగిందంటే లేతది, తాజాది రెండూ అని నమ్మవచ్చు. విరగకపోతే ఎందుకు విరగలేదో కాయను పట్టుకుని చూడాలి. గట్టిగా, బిరుసుగా ఉండి వంగితే ముదురు, మెత్తగా ఉండి వంగితే పాతది. మెత్తటిది పులుసుకో మజ్జిగ పులుసుకో పనికొస్తుంది. బిరుసుది దేనికీ పనికిరాదు.

ముక్కు విరిచిన కాయ ఎవరూ కొనరు కాబట్టి అమ్మేవాళ్లకు ఇదంటే ఒళ్లు మంట. ఒకటి రెండు విరిచి, విరిచినవాటిని మన తట్టలోనే వేసుకోవడం మర్యాద. కుప్పలో పది విరిచి పక్కకు పోయేవాళ్ల వల్లే "ముట్టుకోకండి" అనే దుకాణాలు పెరిగాయి.

ఆకుపచ్చ మరీ గాఢంగా, అన్ని కాయల్లో ఒకే ఛాయలో ఉంటే రంగు వేశారేమో చూడాలి. పచ్చి కూరగాయలకు మలకైట్ గ్రీన్ అనే రంగు పూయడం నిషిద్ధం. దాన్ని పట్టుకోవడానికి దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ చెప్పిన ఇంటి పరీక్ష తేలికే: దూది ఉండను లిక్విడ్ పారాఫిన్‌లో ముంచి కాయ మీద ఒక చోట రుద్దాలి. దూది పచ్చబడితే రంగు కలిసినట్టు. బజారులో ఇది కుదరదు గానీ, అలవాటుగా కొనే దుకాణం మీద అనుమానం వస్తే ఒకసారి ఇంట్లో చేసి చూసుకోవచ్చు. దీనికి తిరగబడిన సంగతి కూడా ఉంది. కొన్ని కాయలు పసుపు కలిసిన పాలిపోయిన రంగులో, గట్టిగా ఉంటాయి. అవి పాతవని అనుకుంటారు. నిజానికి పల్లాకు తెగులు సోకిన మొక్క కాయలవి. తింటే ప్రమాదమేమీ లేదు, రుచి మాత్రం ఉండదు.

ప్లాస్టిక్ కవర్లో మూతి బిగించి ఉంచిన బెండను కొనకండి. లోపల చెమట పట్టి ఉంటే ఇంటికి వెళ్లేసరికి నల్ల మచ్చలు, జిగురు మొదలవుతాయి.

వంకాయ: ముచ్చిక కింద ఏముంది?

వంకాయలో కంటికి కనిపించే గుర్తులు తక్కువ, దాక్కునేవి ఎక్కువ. అందుకే దీనికి కాస్త సమయం తీసుకోండి.

ముచ్చిక పచ్చగా ఉండి, దాని రెక్కలు కాయను గట్టిగా పట్టుకుని ఉండాలి. ముళ్ల రకమైతే ముల్లు గుచ్చుకోవాలి. గుచ్చుకోకుండా మెత్తగా వంగిపోతే రోజులైంది. ముచ్చిక గోధుమరంగుకు తిరిగి, రెక్కలు పైకి లేచి, కింద బూజు కనిపిస్తే ఇక ఆ కుప్ప జోలికి పోనక్కర్లేదు. తొడిమ కొస నల్లబడ్డా ముచ్చిక రెక్కలు ఇంకా పచ్చగానే ఉంటే ఒకటి రెండు రోజులైందని లెక్క, కొనవచ్చు.

తరువాత బొటనవేలితో మెల్లగా నొక్కండి. నొక్కిన చోట వెంటనే పైకి వస్తే మంచిది. గుంట అలాగే ఉండిపోతే లోపల ఆరిపోయింది. మెరుపు చూసేటప్పుడు తడి మెరుపును పక్కన పెట్టి, ఒక కాయను కొంగుతోనో చేతిరుమాలుతోనో తుడిచి చూడండి. తుడిచాక కూడా మెరిసేది తాజాది. ముదురు వంకాయ మెరుపు తగ్గి, ఊదా రంగు గోధుమ ఛాయకు దిగుతుంది. అది కోస్తే లోపల గింజ గట్టిపడి గోధుమరంగులో ఉంటుంది, కూర చేదెక్కుతుంది. తెల్ల వంకాయ, పచ్చ వంకాయల్లో ముదిరినవి పసుపు ఛాయకు తిరుగుతాయి కాబట్టి పట్టుకోవడం సులువు.

ఇప్పుడు పురుగు. వంకాయ మీద బెజ్జం కనపడకపోతే పుచ్చు లేదనుకుంటాం. కాయతొలుచు పురుగు పని తీరు వేరు. పిల్ల పురుగు చాలా చిన్నగా ఉన్నప్పుడే, ఎక్కువగా ముచ్చిక అంచు దగ్గర నుంచి కాయలోకి దూరుతుంది. కాయ పెరిగేకొద్దీ ఆ దారి పూడిపోతుంది. పురుగు లోపలే తిని పెరిగి, బయటకు పోయేటప్పుడు చేసే రంధ్రమే మనకు కనిపించే గుండ్రటి బెజ్జం. అంటే బెజ్జం ఉన్న కాయలో పురుగు బహుశా వెళ్లిపోయి ఉంటుంది, కానీ లోపలంతా నల్లటి పెంటికలు. బెజ్జం లేని కాయలో అది ఇంకా ఉండవచ్చు.

దాన్ని పసిగట్టడానికి మూడు పనులు చేస్తాను. ముచ్చిక అంచును గోటితో కొద్దిగా ఎత్తి, కింద గోధుమరంగు పొట్టులాంటి పెంటిక ఉందేమో చూస్తాను. కాయ మీద ఎక్కడైనా చిన్న లోతైన సొట్ట, దాని చుట్టూ రంగు తేడా ఉంటే పక్కన పెడతాను. కాయ ఒక వైపుకు వంకరగా పెరిగి ఉంటే కూడా అంతే, లోపల తిన్న వైపు సరిగ్గా పెరగదు. ఇవన్నీ చేసినా కిలోకు ఒకటి రెండు పుచ్చులు రావడం ఖాయం. వాటికి దుకాణంవాళ్లను నిందించి లాభం లేదు.

"పురుగున్న వంకాయ అయితే మందు కొట్టనిది" అనే మాట చాలా ఇళ్లలో వింటాం. దాన్ని నమ్మకండి. ఈ పురుగు లోపలికి దూరాక ఏ మందూ దాన్ని తాకలేదు కాబట్టే రైతులు పదే పదే కొడతారు. పుచ్చు, మందు రెండూ ఒకే కాయలో హాయిగా ఉంటాయి. జన్యుమార్పిడి చేసిన బీటీ వంకాయను తయారుచేసింది ఈ పురుగును తట్టుకోవడానికే. 2010లో కేంద్రం దాని సాగును నిలిపేసింది.

ఏసీ దుకాణాల్లో కొనేవాళ్లకు ఒక హెచ్చరిక. వంకాయకు చలి పడదు. ఎక్కువసేపు బాగా చల్లటి చోట ఉన్న కాయ బయట బాగానే కనిపించి, ఇంటికి తెచ్చాక చర్మం మీద చిన్న చిన్న గుంటలు పడుతుంది. లోపల గింజల దగ్గర నల్లబడుతుంది. చల్లటి అరలో ఉన్న వంకాయ కొంటే ఆ రోజే వండేయండి.

సొర, బీర, ఇతర తీగ కాయలు

సొరకాయకు, కోస్తాలో చాలామంది ఆనపకాయ అనేదానికి, తొడిమతో పాటు కనీసం బొటనవేలంత తీగ ముక్క ఉండాలి. అది పచ్చగా ఉంటే తాజాది. తొడిమ పూర్తిగా ఊడగొట్టిన కాయను నేను కొనను. అక్కడి నుంచే కుళ్లు లోపలికి దిగుతుంది, పైగా కాయ వయసు చెప్పే గుర్తు కూడా పోతుంది. తొడిమ దగ్గర చర్మం మీద నూగు చేతికి మెత్తగా తగిలితే లేతది. నున్నగా, గట్టిగా, పాలిపోయి ఉంటే ముదిరింది. కాయను చేతిలో ఎత్తితే సైజుకు తగ్గ బరువుండాలి. పెద్దగా ఉండి తేలిగ్గా అనిపిస్తే లోపల బెండు.

గోరు గుచ్చడం అందరూ చేసే పని. గోరు సులువుగా దిగి నీరు వస్తే లేత. కానీ గోటి గాటు పడిన చోట కాయ కొన్ని గంటల్లో గోధుమరంగుకు తిరిగి, మర్నాటికి మెత్తబడుతుంది. సాయంత్రం వేళ నలుగురు గుచ్చిన కాయ మీకు వస్తుంది. గాట్లు లేని కాయే కొనండి, మీరు గుచ్చాలనుకుంటే తొడిమ పక్కనే గుచ్చి ఆ కాయే తీసుకోండి.

బజారులో ఎంత చూసినా తెలియనిది ఒకటుంది, చేదు. సొర, బీర, దోస జాతి కాయల్లో అప్పుడప్పుడు ఒకటి బాగా చేదుగా పుడుతుంది. దానికి కారణమైన కుకుర్బిటసిన్ అనే పదార్థం వాంతులు, కడుపులో రక్తస్రావం దాకా తీసుకెళ్లగలదు. చేదు సొరకాయ రసం తాగి ప్రాణాలు పోయిన ఘటనలు జరిగాక భారత వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ నిపుణుల కమిటీ కూడా చేదున్న రసం తాగవద్దని చెప్పింది. ఇంటికి వచ్చాక కోసేటప్పుడు తొడిమ వైపు చిన్న ముక్క నాలుక మీద పెట్టి చూడండి. చేదుంటే ఉమ్మేసి, మొత్తం కాయ పారేయండి. వండితే చేదు పోదు. కాకర చేదు సంగతి వేరు, అది దాని సహజ రుచి.

బీరకాయను రెండు కొసలూ పట్టుకుని కొంచెం వంచండి. గట్టిగా నిలబడాలి. రబ్బరులా వంగితే పాతది, చెక్కు తీసేటప్పుడు ముక్కలు మెత్తగా జారిపోతాయి. గట్ల అంచులు పదునుగా, పచ్చగా ఉండాలి. అంచులు నల్లబడితే గోనెల్లో నలిగిన సరుకు. పువ్వు ఊడిన కొస మెత్తగా ఉంటే అక్కడి నుంచి కుళ్లు మొదలైంది. అన్నీ బాగుండి కాయ మాత్రం తేలిగ్గా ఉంటే లోపల పీచు పట్టింది.

కాకరలో లేత పచ్చ, ముదురు పచ్చ రకాల తేడాలే. మధ్యలో ఎక్కడైనా పసుపు చార తిరిగితే మాత్రం పండుతోంది, లోపల గింజ ఎర్రగా ఉంటుంది. మాగిన అరటిపళ్ల పక్కన పెట్టిన కాకర ఇంకా తొందరగా పండుతుంది, అందుకే సంచిలో కూడా వేరు చేయండి. దొండకాయ లోపల ఎర్రబడిందో లేదో బయట నుంచి నూటికి నూరు పాళ్లు తెలియదు. చిన్నవి, గట్టివి ఏరి, ఒకటి విరిచి చూపమనండి. పొట్లకాయను మధ్యలో నొక్కితే గట్టిగా ఉండాలి. పెద్ద కాయలు మడత పెట్టి తెచ్చిన చోట నలిగి కుళ్లుతాయి, ఆ మడత చూసుకోండి.

ఒక బేరం లెక్క

ఒక చోట వంకాయ కిలో 60 రూపాయలు, ఏరుకోనిస్తారు. పక్కన 40, కానీ కుప్పలోంచి చేతికొచ్చినవి తూకం వేస్తారు. రెండో కుప్పలో ముందున్న పది కాయలు తీసి చూడండి. ముచ్చిక ఎండినవి, బెజ్జం ఉన్నవి, నొక్కితే గుంట పడేవి కలిపి మూడు నాలుగు వచ్చాయనుకుందాం. అంటే దాదాపు మూడో వంతు పారేసేదే. 40 రూపాయలకు మీకు దక్కేది ముప్పాతిక కిలో కన్నా తక్కువ. మూడో వంతు పోతే మిగిలిన కాయ ధర కిలోకు సరిగ్గా 60 రూపాయలే అవుతుంది. పదిలో ఒకటే చెడ్డదైతే కిలో 45 లోపే పడుతుంది, అప్పుడు ఆ కుప్పే కొనాలి. ధర అడిగే ముందు పది కాయలు తీసి చూడటానికి నిమిషం కూడా పట్టదు.

అదే పద్ధతి ఆకుకూరకు పనిచేయదు. అక్కడ కట్ట ఒక్కటే, లోపల సగం పోతే సగం డబ్బు పోయినట్టే. అందుకే ఆకుకూరను ఒక్కో కట్టా తిప్పి చూసి తీసుకోవాలి, "పది రూపాయలకు మూడు" అంటూ దుకాణంవాళ్లే ఏరి ఇచ్చే మూడు తీసుకోకూడదు. ఆ మూడింట్లో ఒకటి సాధారణంగా నిన్నటిది ఉంటుంది. "అక్కా, నేను ఏరుకుంటా" అంటే ఎక్కువమంది కాదనరు.

సంచి సర్దేటప్పుడు సొర, బీర అడుగున, వంకాయ, బెండ వాటి మీద, ఆకుకూర అన్నింటికన్నా పైన. ఇంటికి చేరగానే ఆకుకూర కట్టల దారం, రబ్బరు తెంచేసి విడదీయండి, పసుపు ఆకులు తీసేసి, తడి ఆరనిచ్చి, బట్టలో చుట్టి పెట్టండి. కడగడం వండే ముందే. బెండను తుడిచి పొడిగా ఉంచండి. వంకాయ ఒకటి రెండు రోజులైతే ఫ్రిజ్ బయటే నయం. కట్టలు విడదీసేటప్పుడు ఏదైనా లోపల జిగురుగా కనిపిస్తే దాన్ని పారేసి ఊరుకోకుండా, మర్నాడు ఆ దుకాణంలోనే చెప్పండి. అలవాటైన కొనుగోలుదారుకు ఇంకో కట్ట ఇవ్వడం వాళ్లకు పెద్ద భారం కాదు, ఆ తర్వాత మీ కట్టలు వాళ్లే తిప్పి చూసి ఇస్తారు.